వెన్నులు చూసి పుస్తకాల లెక్క

“మా నాన్నగారి పుస్తకాలు మీ గ్రంథాలయానికి ఇద్దామనుకుంటున్నామండీ. బీరువా ఫొటో పంపిస్తున్నాం. మీ ర్యాకుల్లో పడతాయేమో చూసి చెప్పండి.”

ఊళ్లో చిన్న గ్రంథాలయం నడిపేవాళ్లకు ఇలాంటి సందేశాలు తరచూ వస్తాయి. పిల్లలు వేరే ఊళ్లలోనో వేరే దేశంలోనో స్థిరపడ్డారు, ఇల్లు అమ్మేస్తున్నారు, పుస్తకాలను పాత కాగితాల కొట్టుకు వేయడానికి మనసొప్పడం లేదు. ఫొటోలో ఒక వరుస, దాని నిండా పుస్తకాల వెన్నులు. ఇక్కడేమో ఖాళీగా ఉన్న మూడడుగుల ఇనుప ర్యాకు. అందులో ఒక్కో అరకు ఎన్ని పుస్తకాలు పడతాయో చెప్పాలి. ఎక్కువ చెబితే ఆటోలో వచ్చిన పుస్తకాలు సగం నేల మీద అట్టపెట్టెల్లో ఉండిపోతాయి. ఆ పెట్టెలు వానాకాలం వచ్చేసరికి ఏమవుతాయో గ్రంథాలయాల్లో పనిచేసినవాళ్లకు తెలుసు. తక్కువ చెబితే అవసరం లేని ర్యాకు కొనాల్సి వస్తుంది.

ఫొటో స్పష్టంగా ఉండి, అన్ని పుస్తకాలూ కనిపిస్తుంటే అంచనా ఎందుకు, వేలు పెట్టి లెక్కపెట్టడమే మంచి పద్ధతి. కానీ చాలా ఫొటోలు అలా ఉండవు. గాజు తలుపు మీద లైటు మెరుపు, ఒక పక్క నీడ, వరుసలో మూడో వంతు మాత్రమే చదవగలిగే స్థితి. పైగా మనకు కావలసింది ఆ బీరువాలో ఎన్ని ఉన్నాయన్నది మాత్రమే కాదు. అలాంటి పుస్తకాలు మన అరలో ఎన్ని పడతాయన్నది కావాలి. అందుకే వెన్నుల వెడల్పు లెక్కలోకి వస్తుంది. అర పొడవును ఒక పుస్తకం సగటు వెడల్పుతో భాగిస్తే జవాబు వస్తుంది. ఈ భాగహారం ఐదో తరగతి పిల్లవాడు కూడా చేస్తాడు. చిక్కంతా ‘సగటు’ దగ్గరే ఉంది.

ముందు ఒక పుస్తకం వెన్ను ఎంత వెడల్పు ఉంటుందో, ఎందుకంత ఉంటుందో చూద్దాం. తెలుగులో నవలలు, కథల పుస్తకాలు ఎక్కువగా వచ్చేది డెమ్మీ సైజులో. ఎత్తు ఎనిమిదిన్నర అంగుళాలు, అంచులు కోశాక సుమారు 21.5 సెంటీమీటర్లు. లోపల వాడే మామూలు 70 జీఎస్‌ఎం కాగితం ఒక్కో ఆకు మందం దాదాపు మిల్లీమీటరులో పదో వంతు, లేదా దానికి కాస్త తక్కువ. ఆకుకు రెండు పేజీలు కనుక 200 పేజీల నవలలో 100 ఆకులు ఉంటాయి. అంటే 9 మిల్లీమీటర్లు, రెండు అట్టలు కలిపితే రమారమి 10. మూడు వందల పేజీల పుస్తకం 14, 15 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది. ఐదు వందల పేజీలది 25కు చేరువవుతుంది. గట్టి అట్ట వేసిన నిఘంటువు 750 పేజీలుంటే 40 మిల్లీమీటర్లు తేలికగా వస్తుంది. కాగితం రకం మారితే ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ జరుగుతాయి. అదే బరువున్న కాగితాల్లోనే కొన్ని ఉబ్బుగా, కొన్ని నునుపుగా అణిగి ఉంటాయి. అయినా ఫొటోలో ఒక వెన్ను చూసి “ఇది 200 పేజీల నవల” అని గుర్తుపట్టగలిగితే దాని వెడల్పు కూడా చెప్పగలిగినట్టే.

ఇప్పుడు ఫొటోను కొలుద్దాం. దాన్ని కంప్యూటర్ తెర మీద పెద్దది చేసుకుని, మామూలు స్కూలు స్కేలు ఆనించి చూస్తే చాలు. మన ఉదాహరణలో బాగా కనిపిస్తున్న మధ్యభాగంలో ఒక డెమ్మీ నవల ఉంది. తెర మీద దాని ఎత్తు 8.6 సెంటీమీటర్లు. అసలు ఎత్తు 21.5 అని మనకు తెలుసు కనుక, తెర మీది ఒక సెంటీమీటరు నిజంలో రెండున్నర సెంటీమీటర్లు. అదే భాగంలో ఖాళీ లేకుండా పక్కపక్కన నిలబడిన పుస్తకాలు 24 ఉన్నాయి. మొదటి పుస్తకం ఎడమ అంచు నుంచి చివరి పుస్తకం కుడి అంచు దాకా తెర మీద 13.2 సెంటీమీటర్లు. నిజంలో 33 సెంటీమీటర్లు. అంటే 330 మిల్లీమీటర్లలో 24 పుస్తకాలు, ఒక్కోటి సగటున 13.75 మిల్లీమీటర్లు. మన ర్యాకు మూడడుగులదైనా పక్క రేకులు పోగా లోపల మిగిలేది 88 సెంటీమీటర్లనుకుందాం. 880ని 13.75తో భాగిస్తే 64. అరకు 64 పుస్తకాలు.

కొలమానం కోసం డెమ్మీ పుస్తకాన్ని ఎంచుకునేటప్పుడు అది నిజంగా డెమ్మీయేనా అని చూడాలి. పాత ఇళ్లలో పాకెట్ సైజు నవలలు, క్రౌన్ సైజు పుస్తకాలు కూడా బాగానే ఉంటాయి. క్రౌన్ పుస్తకం ఎత్తు 18 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. దాన్ని డెమ్మీ అనుకుంటే కొలమానం ఆరో వంతు మేర తప్పుతుంది, ఆ తప్పు నేరుగా జవాబులోకి వస్తుంది. వరుసలో ఎక్కువ పుస్తకాలు ఒకే ఎత్తులో ఉండి, కొన్ని పొట్టిగా ఉంటే, ఆ ఒకే ఎత్తువే సాధారణంగా డెమ్మీ.

కంటికి ఆనినది సగటు కాదు

చాలామంది 24 పుస్తకాలను కలిపి కొలవరు. ఫొటో చూస్తారు, “మామూలుగా ఉన్న పుస్తకం” ఒకదాన్ని ఎంచుకుంటారు, దాని వెడల్పుతో అరను భాగిస్తారు. నాకు తెలిసినంతలో ఈ లెక్కలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. ఇది కొలతలో వచ్చే తప్పు కాదు, ఎంపికలో వచ్చే తప్పు.

మన 24 పుస్తకాలను విడివిడిగా చూద్దాం. పదిహేను నవలలు ఒక్కోటి 10 మిల్లీమీటర్లు. ఆరు పుస్తకాలు 15 మిల్లీమీటర్లు. రెండు 25 మిల్లీమీటర్లు. ఒక నిఘంటువు 40 మిల్లీమీటర్లు. మొత్తం 150, 90, 50, 40 కలిసి 330. ఇందులో మామూలు పుస్తకం ఏది అని అడిగితే ఎవరైనా 10 మిల్లీమీటర్ల నవలనే చూపిస్తారు. ఇరవై నాలుగులో పదిహేను అవే కనుక ఆ మాటలో తప్పు లేదు. కానీ 880ని 10తో భాగిస్తే 88 వస్తుంది. నిజంగా పట్టేవి 64. ఇరవై నాలుగు పుస్తకాలు అదనంగా చెప్పేశాం.

కారణం పుస్తకాల వెడల్పులు పరుచుకునే తీరులోనే ఉంది. సన్నటి వైపు ఒక హద్దు ఉంది. వెన్ను ఉన్న పుస్తకం ఐదారు మిల్లీమీటర్ల కన్నా పెద్దగా సన్నబడదు. లావు వైపు అలాంటి హద్దు లేదు. సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలో, సోవియట్ కాలంలో మాస్కో నుంచి ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు పంపిన గట్టి అట్టల తెలుగు అనువాదాలో వరుసలో నాలుగు చేరితే, సంఖ్యలో అవి పెద్దగా లెక్కలోకి రావు, చోటులో మాత్రం వస్తాయి. మన వరుసలో మూడు లావు పుస్తకాలు సంఖ్యలో ఎనిమిదో వంతు. చోటులో పావు వంతుకు పైగా. అందువల్ల ఇళ్లలోని పుస్తకాల వరుసల్లో సగటు వెడల్పు దాదాపు ఎప్పుడూ కంటికి మామూలుగా కనిపించే వెడల్పు కన్నా ఎక్కువే ఉంటుంది. ఏ వెన్నునూ ఎంచుకోకుండా, పక్కపక్కన ఉన్నవాటిని ఉన్నవున్నట్టు ఒక గుంపుగా తీసుకుని, గుంపు పొడవును గుంపు సంఖ్యతో భాగించడమే దీనికి మందు. ఎంపిక అనేదే లేకపోతే ఆ తప్పు రాదు.

అలా అని కళ్లు మూసుకుని వేలు పెట్టి ఎంచుకుంటే బాగుంటుందా? పక్షపాతం ఉండదు కదా అనిపిస్తుంది. ఇక్కడ తప్పు సరిగ్గా అవతలి దిక్కుకు పోతుంది, ఇది కొంచెం నిదానంగా చూడాల్సిన విషయం. వేలు ఏ పుస్తకం మీద పడుతుందన్నది ఆ పుస్తకం ఆక్రమించిన చోటును బట్టి ఉంటుంది. 40 మిల్లీమీటర్ల నిఘంటువు మీద పడే అవకాశం 10 మిల్లీమీటర్ల నవల కన్నా నాలుగింతలు. రెండు ఆర్టీసీ బస్సుల్లో ఒకదాంట్లో అరవై మంది, రెండోదాంట్లో పదిమంది ఉన్నారనుకోండి. బస్సుకు సగటున ముప్పై ఐదు మందే. కానీ దిగినవాళ్లను ఆపి మీ బస్సులో ఎందరున్నారని అడిగితే డెబ్బైలో అరవై మంది “కిక్కిరిసి ఉంది, అరవై మంది” అనే చెబుతారు. ఎవరూ అబద్ధమాడలేదు, కిక్కిరిసిన బస్సుకే ఎక్కువ గొంతులు ఉన్నాయి. అరలో లావు పుస్తకానిదీ అదే పరిస్థితి.

లెక్క చేసి చూద్దాం. 33 సెంటీమీటర్ల వరుస మీద ప్రతి 3 సెంటీమీటర్లకు ఒక గీత చొప్పున పదకొండు గీతలు గీసి, ఏ గీత ఏ పుస్తకం మీద పడిందో రాసుకున్నాం. అయిదు గీతలు 10 మిల్లీమీటర్ల నవలల మీద, మూడు 15 వాటి మీద, రెండు 25 వాటి మీద, ఒకటి నిఘంటువు మీద పడ్డాయనుకుందాం. ఆ పదకొండు వెడల్పుల సగటు 16.8 మిల్లీమీటర్లు. దానితో భాగిస్తే అరకు 52 పుస్తకాలే వస్తాయి. ఇందాక 88, ఇప్పుడు 52. నిజం 64.

అయితే ఈ గీతల పద్ధతిని పారేయనక్కర్లేదు. ఫొటోలో మెరుపుల వల్ల వరుసగా ఇరవై పుస్తకాలు కనిపించనప్పుడు, అక్కడొకటి ఇక్కడొకటి మాత్రమే దొరికినప్పుడు ఇదే దిక్కు. వెడల్పులకు సగటు తీయకుండా మరో పని చేయాలి. ప్రతి గీతకూ “అర నిండా ఇలాంటి పుస్తకాలే ఉంటే ఎన్ని పడతాయి?” అని వేసుకుని, ఆ సంఖ్యలకు సగటు తీయాలి. 10 మిల్లీమీటర్లవైతే 88, 15 వైతే 58.7, 25 వైతే 35, 40 వైతే 22. అయిదు ఎనభై ఎనిమిదులు, మూడు యాభై ఎనిమిదిన్నరలు, రెండు ముప్పై అయిదులు, ఒక ఇరవై రెండు కలిపి పదకొండుతో భాగిస్తే 64 వస్తుంది. లావు పుస్తకానికి గీత తగిలే అవకాశం ఎన్నింతలు పెరిగిందో, దాని వంతు సంఖ్య అన్నింతలు తగ్గింది. రెండూ సరిగ్గా చెల్లుకు చెల్లు. వేలు పెట్టి లేదా గీతలు గీసి ఎంచుకున్నప్పుడు మాత్రమే ఈ పద్ధతి వాడాలి. పక్కపక్కన ఉన్న గుంపుకు వాడితే మళ్లీ ఎక్కువ చెబుతుంది.

ఈ 64 మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చు? తెలుసుకోవడానికి సులువైన దారి ఉంది. గుంపులోంచి అన్నిటికన్నా లావు పుస్తకాన్ని తీసేసి మళ్లీ లెక్కవేయండి. నిఘంటువు తీసేస్తే 290 మిల్లీమీటర్లలో 23 పుస్తకాలు, సగటు 12.6, అరకు 70. ఒక్క పుస్తకం ఉండటం, లేకపోవడంతో జవాబు ఆరు మారింది. ఫొటోలో మనకు కనిపించని భాగంలో అలాంటి నిఘంటువులు రెండున్నాయో, ఒకటీ లేదో మనకు తెలియదు. కాబట్టి ఇరవై నాలుగు పుస్తకాల గుంపు చూసి “64” అని ఖాయంగా చెప్పడం కన్నా “యాభై ఆరు నుంచి డెబ్బై రెండు దాకా” అనడం నిజాయితీ. గుంపు నాలుగింతలు పెద్దదైతే ఈ ఊగిసలాట సుమారు సగానికి తగ్గుతుంది. అంతకుమించి ఖచ్చితత్వం కోసం మిల్లీమీటర్లను ఇంకా సూక్ష్మంగా కొలవడం వృథా శ్రమ. తప్పు స్కేలులో లేదు, చూసిన పుస్తకాలు తక్కువ కావడంలో ఉంది.

కెమెరా చేసే మాయ

ఇప్పటిదాకా ఫొటో ఎదురుగా, నిటారుగా తీశారనే అనుకున్నాం. చాలా ఇళ్లలో బీరువా ముందు మంచమో బల్లో ఉంటుంది కనుక ఒక పక్కన నిలబడి తీస్తారు. అప్పుడు దగ్గరి పుస్తకాలు పెద్దగా, దూరపువి చిన్నగా కనిపిస్తాయని అందరికీ తెలుసు. ఎత్తు ఎంత తగ్గిందో వెడల్పూ అంతే తగ్గుతుందనుకోవడమే మోసం చేస్తుంది. దూరపు వెన్ను దూరంగా ఉండటమే కాక మన చూపుకు ఏటవాలుగా కూడా తిరిగి ఉంటుంది. అందువల్ల వెడల్పు రెండు సార్లు తగ్గుతుంది. తెర మీద ఈ చివర డెమ్మీ పుస్తకం ఎత్తు 9 సెంటీమీటర్లు, ఆ చివర 7 సెంటీమీటర్లు ఉందనుకోండి. ఎత్తు తొమ్మిదిలో ఏడు వంతులకు తగ్గితే, వెడల్పు ఎనభై ఒకటిలో నలభై తొమ్మిది వంతులకు తగ్గుతుంది. ఈ చివర 4 మిల్లీమీటర్లుగా కనిపించే నవల ఆ చివర రెండున్నర మిల్లీమీటర్ల లోపే కనిపిస్తుంది. అలాంటి ఫొటోలో ఎత్తుతో తీసిన కొలమానాన్ని వెడల్పుకు వాడకూడదు. ఎదురుగా తీసిన మరో ఫొటో అడగడమే మేలు. వరుసలో రెండు చివర్ల డెమ్మీ పుస్తకాల ఎత్తులు పోల్చి చూస్తే ఫొటో ఏ మాత్రం వాలిందో వెంటనే తెలిసిపోతుంది.

రెండో మాయ లోతుది. కొందరు కొలమానానికి పుస్తకాన్ని కాక బీరువా చట్రాన్ని తీసుకుంటారు. టేపుతో దాని వెడల్పు కొలిచి పంపిస్తారు కూడా. కానీ పుస్తకాలు చట్రానికి వెనకగా ఉంటాయి. ఫోన్ చట్రానికి ఒక మీటరు దూరంలో ఉండి, పుస్తకాలు 10 సెంటీమీటర్లు లోపలికి నెట్టి ఉంటే, వెన్నులు నిజం కన్నా పదకొండో వంతు సన్నగా కనిపిస్తాయి. మన 13.75 కాస్తా 12.5 అయిపోతుంది, 64 కాస్తా 70 అయిపోతుంది. కొలమానం వెన్నుల వరుసలోనే ఉండాలి. డెమ్మీ పుస్తకం ఎత్తునే కొలమానంగా తీసుకోవడంలో ఉన్న బలం ఇదే, అది వరుసలోనే నిలబడి ఉంది.

ఫొటోలో కనిపించనివి

ఇవన్నీ పదీ ఇరవై శాతం తప్పులు. వీటిని మించి లెక్కను రెండింతలు చేసే తప్పు ఒకటుంది, అది వెనక వరుస. పాత చెక్క బీరువాలు 30 సెంటీమీటర్ల లోతు, అంతకన్నా ఎక్కువ ఉంటాయి. డెమ్మీ పుస్తకం వెడల్పు 14 సెంటీమీటర్లే. రెండు వరుసలకు 28 చాలు. పుస్తకాలు ప్రేమించి కొన్నవాళ్ల ఇంట్లో ఆ వెనక చోటు ఖాళీగా ఉండటం అరుదు. ముందు వరుస పుస్తకాలు సరిగ్గా అర అంచు మీదే నిలబడి ఉంటే అనుమానించాలి. పొట్టి పుస్తకాల తలల మీదుగా వెనక ఇంకో పుస్తకం పైఅంచు కనిపిస్తే ఇక అనుమానం కూడా అక్కర్లేదు. అయినా ఫోన్ చేసి “వెనక ఇంకో వరుస ఉందాండీ?” అని అడగడం అన్ని లెక్కలకన్నా విలువైన పని.

తర్వాత, పైన పడుకోబెట్టినవి. అరకు అరకు మధ్య ఎత్తు 30 సెంటీమీటర్లుంటే నిలబడిన డెమ్మీ మీద ఎనిమిది సెంటీమీటర్లు మిగులుతుంది. ఆ సందులో ఐదేసి చొప్పున నాలుగు దొంతరలు పడతాయి, అంటే ఇరవై పుస్తకాలు. ఇవి సాధారణంగా కనిపిస్తాయి కానీ లెక్కలో మరిచిపోతాం. మన ర్యాకులో అలా పడుకోబెట్టం కనుక వాటికి విడిగా నిలువు చోటు వేసుకోవాలి.

వెన్నే లేని పుస్తకాల సంగతి మరీ చిక్కు. మడతపెట్టి మధ్యలో పిన్నులు కొట్టిన శతకాలు, వ్రతకథలు, చందమామ విడి సంచికలు పక్కపక్కన నిలబెడితే ఫొటోలో తెల్లటి పట్టీలా కనిపిస్తాయి, అక్షరం కనిపించదు. నాలుగు సెంటీమీటర్ల పట్టీని చూసి ఒక లావు పుస్తకం అనుకుంటాం. చందమామ సంచిక మందం మూడు మిల్లీమీటర్ల లోపే, కాబట్టి అందులో పదమూడో పదిహేనో ఉండవచ్చు. చోటు లెక్క మారదు కానీ పుస్తకాల సంఖ్య మారిపోతుంది. ప్రతి దానికీ ప్రవేశ సంఖ్య రాసి, ముద్ర వేసి రిజిస్టరులో ఎక్కించే గ్రంథాలయానికి ఆ తేడా రెండు రోజుల పని.

వాలిన పుస్తకాల గురించి ఒక మాట. పుస్తకాలు పదిహేను డిగ్రీలు వాలితే ఒక్కో పుస్తకం తీసుకునే చోటు మూడు నాలుగు శాతమే పెరుగుతుంది, అది పట్టించుకోనక్కర్లేదు. గుంపు కింద ఏర్పడే ముక్కోణం ఖాళీ మాత్రం ఐదున్నర సెంటీమీటర్లు. అక్కడ నాలుగు పుస్తకాలు నిలబడతాయి. అందుకే కొలిచే గుంపులో వాలినవి లేకుండా చూసుకోవాలి.

అరవై నాలుగు పడతాయంటే అరవై నాలుగు పెట్టాలని కాదు

ఇక మన ర్యాకు సంగతి. 88 సెంటీమీటర్లలో 64 పుస్తకాలు పడతాయన్నది కిక్కిరిసి నింపిన లెక్క. అలా నింపితే ఒక పుస్తకం తీయడానికి వెన్ను పైకొనను గోటితో లాగాలి. పేపర్‌బ్యాక్ వెన్ను చిరిగేది సరిగ్గా అక్కడే. తిరిగి పెట్టడానికి చోటు దొరక్క చదివినవాళ్లు పైన పడేసి పోతారు. కొత్త పుస్తకం వస్తే విషయ క్రమంలో దాని స్థానంలో పెట్టడానికి కింది అరలన్నీ జరపాలి. అందుకే గ్రంథాలయాల్లో అరను ముప్పాతిక వంతు నింపి పావు వంతు వదిలేస్తారు. అలా చూస్తే 66 సెంటీమీటర్లలో మన పుస్తకాలు 48. ఆ కుటుంబానికి చెప్పాల్సిన సంఖ్య 64 కాదు, 48. ఐదు అరల ర్యాకుకు 240.

ఇంకో ఖర్చు కూడా ఉంది. చేతులు మారే నవలలు ఏడాది తిరక్కుండా విడిపోతాయి కనుక చాలా శాఖా గ్రంథాలయాలు వాటికి గట్టి అట్టలు వేయించి, పైన గుడ్డ వెన్ను కట్టించి బైండింగ్ చేయిస్తాయి. రెండు అట్టలూ వెన్ను గుడ్డా కలిసి పుస్తకానికి 4, 5 మిల్లీమీటర్లు కలుపుతాయి. లావు పుస్తకానికి అది లెక్కలోది కాదు. పది మిల్లీమీటర్ల నవలకు మాత్రం సగం ఒళ్లు పెరిగినట్టే. మన గుంపులో నిఘంటువు తప్ప మిగతా ఇరవై మూడింటికీ 5 మిల్లీమీటర్ల చొప్పున బైండింగ్ కలిపితే 330 కాస్తా 445 అవుతుంది, సగటు 18.5 మిల్లీమీటర్లు. నిండా కుక్కినా అరకు 47 మాత్రమే, ముప్పాతిక నింపితే 35. ఇంట్లో ఒక బీరువాలో ఒదిగిన పుస్తకాలు గ్రంథాలయంలో బీరువాన్నర ఎందుకు అడుగుతాయో దీన్నిబట్టి తెలుస్తుంది. అమెరికాలో గ్రంథాలయ భవనాల ప్రణాళికకు చాలాకాలంగా వాడిన లెక్క సాధారణ పుస్తకాలకు అడుగుకు ఎనిమిది చొప్పున ఉంటుంది, లావైన న్యాయశాస్త్ర గ్రంథాలకు ఇంకా తక్కువ. అక్కడివి గట్టి అట్టల పుస్తకాలు. మన ఇళ్లలోని పేపర్‌బ్యాకుల ఫొటోకు ఆ లెక్క వేస్తే చాలా తక్కువ చెప్పినవాళ్లమవుతాం. ఎవరి పుస్తకాలకు వాళ్ల గుంపునే కొలవాలి.

పుస్తకాలు ఇవ్వదలచినవారికి ఒక విన్నపం. ఫొటో తీసేముందు పుస్తకాలన్నీ అర అంచు దాకా ముందుకు లాగండి. గాజు తలుపు తెరవండి. అరకు ఒక ఫొటో చొప్పున, ఫోనును ఆ అర మధ్యభాగానికి ఎదురుగా, అదే ఎత్తులో పట్టుకుని తీయండి. ఫోనులో ఎక్కువ వెడల్పు చూపించే 0.5x వాడకండి, అది అంచుల్లోని పుస్తకాలను సాగదీస్తుంది. వెన్నుల వరుసకు ఒక స్కేలు ఆనించి పెట్టండి. స్కేలు లేకపోతే పది రూపాయల నాణెం వెన్నుకు అంటించినా చాలు, దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు. బ్యాంకు కార్డు మాత్రం పెట్టకండి, కొలతకు బాగానే పనికొస్తుంది గానీ దాని మీది అంకెలు ఫొటోలో పడతాయి. వెనక రెండో వరుస ఉంటే ఆ మాట ఫొటో కింద రాసి పంపండి.